గొడవ స్క్రీన్‌షాట్ పెట్టి ‘ఏం చెప్పాలి?’ అని అడిగితే: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

స్నేహితులతో మాటామాటా పెరిగినప్పుడు వాట్సాప్ సంభాషణను స్క్రీన్‌షాట్ తీసి, ఏఐ చాట్‌బాట్‌లో పెట్టి, ‘ఏం చెప్పాలి?’ అని మాత్రమే రాయడం నాకు కొంతకాలంగా అలవాటు. కోపంలో ఉన్నప్పుడు నేపథ్యమంతా వివరించే ఓపిక ఎవరికి ఉంటుంది? ఒకటికి మించి చాట్‌బాట్‌లు వాడాను. ఈ ఒక్క పని వరకు వాటి మధ్య పెద్ద తేడా కనిపించలేదు కాబట్టి పేర్లు అనవసరం. నా తీర్పు ముందే చెప్పేస్తాను: ఎదుటివారి మాటలో అసలు ఫిర్యాదు ఏమిటో పట్టుకోవడంలో ఇది బాగా పనికొస్తుంది. మీకు ఏమి కావాలో తెలుసుకోవడంలో మాత్రం దాదాపు గుడ్డిది.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను ఉద్యోగం మారి పుణె వెళ్తున్న సంగతి డిగ్రీ నాటి స్నేహితురాలికి ఇంకెవరి ద్వారానో తెలిసింది. చాలామంది లాగే మేమూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకుంటాం. ఆమె పంపిన వరుసలో ఒక సందేశం naku matram cheppavu. నేను తీసిన స్క్రీన్‌షాట్ అక్కడి నుంచే మొదలైంది. పైనున్న ‘అందరికీ చెబుతావు’ అన్న సందేశం తెర దాటి పోయింది. చాట్‌బాట్ దాన్ని ‘నాకు మాత్రం చెప్పావు’ అని చదివింది. రహస్యం తనకొక్కదానికే చెప్పినందుకు ఆమె సంతోషిస్తోందనుకుని, నా నమ్మకాన్ని అర్థం చేసుకున్నందుకు ఆమెకు కృతజ్ఞతలు చెబుతూ చక్కని జవాబు రాసిచ్చింది. అది అలాగే పంపి ఉంటే ఆ స్నేహం ఆ రోజుతో సరి.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుగువాళ్లకు వెంటనే తెలుస్తుంది. ‘చెప్పావు’, ‘చెప్పవు’ రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో ఒకేలా ఉంటాయి. దీర్ఘం ఎగిరిపోతే అర్థం తలకిందులవుతుంది. పైగా ‘మాత్రం’ అనే మాట ఆ రెండు అర్థాలకూ సరిపోయింది. మనం ముందు మాటను బట్టి, మనిషి స్వభావాన్ని బట్టి చదువుకుంటాం. చాట్‌బాట్‌కు దొరికేది బొమ్మలో ఉన్నంతే. అప్పటి నుంచి గొడవ మొదలైన సందేశానికి ఇంకాస్త పైనుంచి తీస్తున్నాను, ఒక తెర చాలకపోతే రెండు పెడుతున్నాను. జవాబు చదివే ముందు, ఆమె ఏమంటోందని అది అనుకుందో ఒకసారి చూస్తాను. ఆ భాగం లేకుండా నేరుగా జవాబు మాత్రమే ఇస్తే, ఆమె మాటలను తెలుగు లిపిలో తిరిగి రాయమంటాను. తప్పు చదివి ఉంటే అక్కడే బయటపడుతుంది.

సరిదిద్దాక వచ్చిన జవాబు మాత్రం నిజంగా మెచ్చుకోదగ్గది. నేను ఆఫర్ ఎప్పుడు వచ్చింది, ఎందుకు ఆలస్యమైంది అంటూ సంజాయిషీ సిద్ధం చేసుకుంటున్నాను. ఆమె అడుగుతున్నది అది కాదని, వేరేవాళ్ల నోట వినాల్సి వచ్చిందన్నదే ఆమె బాధ అని చాట్‌బాట్ గుర్తించింది. రాసిచ్చిన జవాబులో సంజాయిషీ లేదు. విషయం నా నోటితో చెప్పాల్సింది, సాయంత్రం ఫోన్ చేయనా అని మాత్రమే ఉంది. కోపంలో ఉన్న మనిషికి ఆ రెండు వాక్యాలు తట్టవు. ఈ ఒక్క సుగుణం కోసమే నేను దీన్ని ఇంకా వాడుతున్నాను.

భాష సంగతి వేరు. ‘నీ భావాలను నేను పూర్తిగా అర్థం చేసుకోగలను’ అని ఏ స్నేహితురాలైనా రాస్తుందా? ఇరవై ఏళ్లుగా ‘ఏమే’ అని పిలిచే మనిషికి అలాంటి వాక్యం వెళ్తే, ఎవరితోనో రాయించుకున్నావా అన్నది ఆమె మొదటి ప్రశ్న అవుతుంది. ఒకసారి ‘నువ్వు’తో మొదలైన జవాబు చివరికొచ్చేసరికి ‘మీరు’ అయింది. అందుకే దాని వాక్యాల్లో విషయం తీసుకుని, మాటలు నావే వేస్తాను. మెత్తగా ఒకటి, సూటిగా ఒకటి, గట్టిగా ఒకటి అంటూ మూడు రకాలు ఇచ్చే పద్ధతి కూడా నాకు నచ్చదు. ఉడుకుతున్న మనిషి ముందు మూడూ పెడితే చెయ్యి గట్టిదాని మీదికే వెళ్తుంది.

ఇక అసలు లోపం. ‘ఏం చెప్పాలి?’ అన్న ప్రశ్నలో నాకు రాజీ కావాలా, దూరం కావాలా, డబ్బు కావాలా అన్నది లేదు. బొమ్మలోనూ ఉండదు. చాట్‌బాట్ రాజీయే కావాలనుకుంటుంది. మరో స్నేహితురాలు అప్పు తీసుకుని, తిరిగి అడిగితే ‘డబ్బే ముఖ్యమా నీకు’ అంది. ఆ తెర పెడితే వచ్చిన జవాబులో నా క్షమాపణ ఉంది, స్నేహం విలువ ఉంది, డబ్బు ఊసు లేదు! ‘రెండు విడతలుగానైనా సరే, తేదీలు చెప్పించుకోవాలి’ అని ఒక్క వాక్యం చేర్చాను. క్షమాపణ పోయింది, తేదీల ప్రశ్న వచ్చింది. నిజానికి ఇది తనంతట తాను ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయే విషయం. కొన్నిసార్లు అడుగుతుంది కూడా. కానీ అడిగినప్పుడు ఒకటితో ఆగదు, వరసగా అయిదారు ప్రశ్నలు వేసి ఓపిక లేని మనిషిని ఇంకా విసిగిస్తుంది. ముందు ఒక జవాబు ఇచ్చి, దాని కింద ఒకే ప్రశ్న అడిగినప్పుడు నాకు ఎక్కువగా ఉపయోగపడింది.

పక్షపాతం కూడా ఉంది. దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. వాట్సాప్‌లో మన సందేశాలు కుడివైపు, ఎదుటివారివి ఎడమవైపు ఉంటాయి. అదే స్క్రీన్‌షాట్‌ను కొత్త సంభాషణలో పెట్టి ‘ఎడమవైపున్నది నేను’ అని చెప్పి చూశాను. నిన్న నన్ను సమర్థించిన నోటితోనే ఈరోజు ఆమెను సమర్థించింది. కాబట్టి ‘మీ బాధ న్యాయమైనదే’ అన్న ముక్కను నేను లెక్కలోకి తీసుకోను.

బొమ్మలో కనిపించని వాటిని కూడా అది ఊహిస్తుంది. వాయిస్ సందేశం ఉంటే తెర మీద గీతలు, నిడివి తప్ప మాటలుండవు. తొలగించిన సందేశంలో ఏముందో ఎవరికీ తెలియదు. రెండు బూడిద రంగు టిక్కులు చూసి ఆమె ఇంకా చదవలేదని ఒకసారి తేల్చేసింది. చదివినట్టు తెలిపే నీలి టిక్కులను ఆమె సెట్టింగ్స్‌లో ఆపేసుకుని ఉండవచ్చు కదా! వాయిస్ సందేశంలో ఏముందో నేనే ఒక వాక్యంలో రాసిస్తే జవాబు మెరుగ్గా వస్తుంది.

ఆ సంభాషణ నాది ఎంతో ఆమెదీ అంతే కనుక, పైనున్న పేరు, ఫొటో పట్టీని కత్తిరించే పెడతాను. నా సంభాషణలను శిక్షణకు వాడుకునే సెట్టింగ్‌ను ఆపి ఉంచాను, పని అయ్యాక ఆ సంభాషణను తొలగిస్తాను. కత్తిరించేటప్పుడు పక్క అంచులు పోకుండా చూసుకోవాలి. కుడిఎడమల ఖాళీ పోతే ఎవరి మాట ఎవరిదో దానికి అంతుపట్టదు, నా దెప్పుపొడుపు మాటను ఆమె ఖాతాలో వేసి నన్ను ఓదారుస్తుంది. ‘కుడివైపువి నావి’ అన్న రెండు మాటలు చేరిస్తే ఆ గొడవ ఉండదు. గ్రూపుల్లో జరిగే గొడవలకు మాత్రం దీన్ని వాడటం మానేశాను. పేర్లు చెరిపితే ఎడమవైపున్న నలుగురూ ఒక్కరైపోతారు, ఉంచితే నలుగురి పేర్లూ నేను ఇచ్చేసినట్టే.