టీవీ పదే పదే ఆగి ఆన్ అవుతోందా? మదర్‌బోర్డు మార్చమంటే వెంటనే డబ్బు కట్టకండి

జగదాంబ జంక్షన్ వైపు టీవీలు బాగుచేసే ఆ షాపు వైజాగ్‌లో చాలామందికి తెలిసిందే, పేరు రాయను. మా టీవీలో లోగో రావడం, ఆరిపోవడం, మళ్లీ లోగో రావడం. రోజంతా ఇదే వరస. తీసుకెళ్తే వెనక మూత కూడా విప్పకుండా "సాఫ్ట్‌వేర్ పోయింది, మదర్‌బోర్డు మార్చాలి" అని 6,500 రూపాయలు తీసుకున్నారు. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్నే మళ్లీ మొదలు.

తిరిగి వెళ్లి అడిగితే ఆ యజమాని తల కూడా ఎత్తలేదు. "గ్యారంటీ బోర్డుకే, టీవీకి కాదు" అన్నాడు. పాత బోర్డు ఇవ్వమంటే పారేశామన్నాడు. పక్కన నిలబడిన మా అత్తగారిని చూసి, "పెద్దావిడకు రెండు రోజులు సీరియళ్లు లేకపోతే కొంప మునిగిపోతుందా?" అన్నాడు. డబ్బు పోయినందుకు కన్నా ఆ మాటకే నా ఒళ్లు మండిపోతోంది.

షిప్‌యార్డులో ఎలక్ట్రికల్ పని చేసే మా బావమరిది వచ్చి మూత విప్పాడు. పవర్ సప్లై బోర్డు మీద 12 వోల్టుల లైనులో వోల్టేజీని నిలకడగా ఉంచే కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. మూత తీసిన ఎవరికైనా కనిపిస్తుంది. మల్టీమీటర్ పెడితే స్టాండ్‌బైలో వోల్టేజీ సరిగానే ఉంది. తెర వెనక లైట్లు వెలిగి లోడు పడగానే 12 కాస్తా 9 దగ్గరికి జారింది, టీవీ రీస్టార్ట్ అయింది. ఎండిపోయిన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతుందట. పొద్దున పూట మొరాయించి, కాసేపయ్యాక టీవీ నిలబడటానికి కారణం అదే. కొత్త కెపాసిటర్ ఖరీదు 20 రూపాయలు. వేశాక టీవీ ఆగకుండా నడుస్తోంది.

ఫర్మ్‌వేర్‌లో, అంటే టీవీని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, లోపమైతే తీరు వేరుగా ఉంటుంది. వోల్టేజీ కదలకుండా ఉంటుంది, టీవీ మాత్రం దాదాపు ప్రతిసారీ అదే చోట, లోగో తర్వాత, ఆగిపోతుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఇలా జరుగుతుంది. అప్పుడు కూడా ముందు కంపెనీవారు ఆ మోడల్‌కు ఇచ్చిన ఫైలును పెన్‌డ్రైవ్‌తో ఎక్కించి చూడాలి. మెమొరీ చిప్పే పాడైతే అది పనిచేయదు, బోర్డు మాట అప్పుడు వస్తుంది. వెనక లైట్ల పట్టీలో షార్టు ఉన్నా టీవీ ఇలాగే ఆగుతుంది. అందుకే కొలవకుండా ఎవరు చెప్పినా అది ఊహే.

మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీసేసినా పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. షాపులో మీ ఎదుటే 12 వోల్టుల లైను కొలవమనండి, మార్చిన పాత భాగం తిరిగి ఇస్తామని రసీదు మీద రాయించుకోండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను.