ఆటల బరువు తూచడానికి: ఫైల్ మేనేజరా, సెట్టింగ్స్ పేజీయా?

గాజువాకలో ఉంటున్న మా మేనల్లుడి 64 జీబీ ఫోన్ నిండిపోయినప్పుడు, వాడు మొదట ఫైల్ మేనేజర్ తెరిచి, ఫొటోలూ వీడియోలూ తుడిచేయడం మొదలుపెట్టాడు. పెద్ద ఆటలు తమ సరంజామాను `Android/obb`, `Android/data` ఫోల్డర్లలో దాచుకుంటాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి మామూలు ఫైల్ మేనేజర్లకు ఆ ఫోల్డర్లలోకి ప్రవేశం లేదు కనుక, అక్కడ ఖాళీగా కనిపించిందంటే నిజంగా ఏమీ లేదని అనుకోకూడదు.

సెట్టింగ్స్‌లో `Apps` తెరిచి, ఆటను ఎంచుకుని `Storage` చూస్తే లెక్క తేలిపోతుంది. వాడి కారు పందేల ఆటకు అక్కడ యాప్ 1.4 జీబీ, యూజర్ డేటా 9.2 జీబీ, క్యాష్ 180 ఎంబీ అని ఉంది. క్యాష్ తుడిస్తే దక్కేది ఆ 180 ఎంబీ మాత్రమే. అసలు బరువంతా ఆట మొదలయ్యాక లోపల దింపుకున్న ట్రాకులదీ కార్లదీ కాబట్టి, అది యూజర్ డేటా కింద చేరింది.

నా దృష్టిలో నిర్ణయానికి ఆధారం ఈ పేజీయే. ఫైల్ మేనేజర్ మన సొంత ఫైళ్లను వెతకడానికి మాత్రమే మేలు. అయితే ఆటలో సాధించిన స్థాయి ఖాతాకు ముడిపడి ఉందో లేదో ఈ పేజీ చెప్పదు. అందుకే ముందుగా ఆటలోని సెట్టింగ్స్‌లో ఖాతా అనుసంధానం చూసి, ఆ తరువాతే అన్‌ఇన్‌స్టాల్ చేయించాను. దాంతో ఆ రెండు ఫోల్డర్లలోని ఆట భాగాలు కూడా తొలగిపోయి, దాదాపు 10.8 జీబీ ఖాళీ అయింది.