పదేళ్లుగా పంటి ఎక్స్‌రేతో: నల్లగా ఉన్నదంతా చీము కాదు

క్లినిక్‌లో ఫిల్మ్ మానేసి డిజిటల్ సెన్సర్ పెట్టి పదేళ్లు దాటింది. బటన్ నొక్కిన కొన్ని సెకన్లకే పన్ను స్క్రీన్ మీద కనిపిస్తుంది. నాకున్న ఫిర్యాదు ఒక్కటే. సెన్సర్ వంగదు, దాని అంచులు మొద్దుగా ఉంటాయి. వెనక దవడ పళ్ల దగ్గర పెట్టగానే చాలామందికి వాంతి వచ్చినట్టవుతుంది.

రెండు పళ్లు ఆనుకునే చోటికి కాస్త కింద మొదలయ్యే పుచ్చు కంటికి దొరకదు. పళ్లు కలిపి కొరికించి తీసే బైట్‌వింగ్‌లో అది తెల్లటి ఎనామిల్ మీద చిన్న నల్ల గాటులా పడుతుంది. అయితే పంటిలోని ఖనిజం బాగా కరిగితే తప్ప ఆ నలుపు తేలదు. అందుకే డ్రిల్ పెట్టాక పుచ్చు దాదాపు ఎప్పుడూ బొమ్మలో కనిపించినదానికన్నా లోతుగానే ఉంటుంది.

ఎముక ఎంత అరిగిందో కూడా ఇందులోనే చూస్తాను. ఎనామిల్ ముగిసే గీతకు 2 మి.మీ. లోపు ఎముక అంచు ఉంటే మామూలే, అంతకన్నా దిగితే అరిగినట్టు. పంటికి చెంపవైపూ నాలుకవైపూ ఉండే ఎముకను మాత్రం పన్నే కప్పేస్తుంది కాబట్టి చిగురులోకి ప్రోబ్ పెట్టి కొలవక తప్పదు.

అసలు చిక్కంతా వేరు కొన దగ్గరే. ఒకామె కింది దవడలో, ఒకవైపు నొప్పి అంటూ వచ్చింది. అప్పటికే వేరేచోట తీసిన ఎక్స్‌రేలో కోరపంటికీ మోలార్లనే పెద్ద దవడ పళ్లకూ మధ్య ఉండే రెండో ప్రీమోలార్ వేరు కొన మీద గుండ్రటి నల్ల మచ్చ ఉంది. చీముగడ్డ, రూట్ కెనాల్ చేయాలి అన్నారట. ఆ పంటికి చల్లటి దూది ఆనించాను. ఉలిక్కిపడింది, రెండు సెకన్లలో సర్దుకుంది. అంటే నరం బాగానే ఉంది. ఎక్స్‌రే ట్యూబు పక్కకు జరిపి మళ్లీ తీస్తే మచ్చ వేరు కొనను వదిలి పక్కకు జరిగింది. వేరు చుట్టూ సన్నటి తెల్ల గీత ఎక్కడా తెగలేదు. అది పెదవికి, గడ్డానికి వెళ్లే నరం బయటికొచ్చే రంధ్రం, అందరి దవడలోనూ ఉండేదే.

మరి నొప్పి ఎక్కడిది? పక్కనున్న మోలార్‌కు చల్లదనం తెలియలేదు, కానీ పైనుంచి తడితే ఆమె కుర్చీలోంచి లేచినంత పని చేసింది. ఎక్స్‌రేలో ఆ వేరు చుట్టూ ఉండే సన్నటి నల్ల గీత కాస్త వెడల్పయింది, అంతే. కొత్తగా పట్టిన చీము ఎముకను తినడానికి రోజులు పడుతుంది, ఈలోపు బొమ్మలో ఏమీ కనిపించకపోవచ్చు. మోలార్ తెరవగానే చీము వచ్చింది, సాయంత్రానికి నొప్పి తగ్గింది.

రెండు వారాలకు రూట్ కెనాల్ పూర్తిచేస్తూ తీసిన ఎక్స్‌రేలో మోలార్ వేరు కింద నల్ల మచ్చ తేలింది, నొప్పి పోయిన తర్వాత! ఏడాదికి అక్కడ ఎముక నిండింది. ప్రీమోలార్ దగ్గరి మచ్చ మాత్రం అలాగే ఉంది, ఉండాలి కూడా.