పల్లవికి ఎక్కడ తిరగాలో చెప్పే కాగితం: మా బ్యాండు లిరిక్ షీట్ మీద సమీక్ష

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో పాడే చిన్న ఆర్కెస్ట్రా మాది. ఇద్దరు గాయకులు, కోరస్‌కి ఇద్దరు, ఫ్లూట్, రిథమ్ ప్యాడ్, కీబోర్డు. కీబోర్డు నాది, పాటల కాగితాలు తయారు చేసే పని కూడా నాదే. ఇప్పుడు వాడుతున్న లిరిక్ షీట్ పద్ధతికి మారి చాలా కాలమైంది. సొంత పాటలకూ, కొత్తగా నేర్చుకునే పాటలకూ అదే వాడుతున్నాం. దీనివల్ల నిజంగా ఏం మారిందో, ఎక్కడ సరిపోలేదో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ముందు, పాత పద్ధతిలో ఇబ్బంది ఏమిటో చెప్పాలి. మన పాటల పుస్తకాల్లో లైను చివర (2) అని వేస్తారు. చరణం అయ్యాక పల్లవి మొదటి మాటను రెండు నిలువు గీతల మధ్య పెడతారు. ఇంట్లో కూర్చుని ఒక్కరే పాడుకునేటప్పుడు అది చాలు. ఏడుగురు కలిసి వాయించేటప్పుడు చాలదు, ఎందుకంటే ఆ రెండు గుర్తులూ సగం సంగతే చెప్తాయి. తిరగమనే చెప్తాయి గానీ ఎక్కడి నుంచి తిరగాలో, తిరిగాక ఎంతవరకు పాడాలో చెప్పవు.

మేం కట్టుకున్న ఒక పాటనే చూడండి. పాత పద్ధతిలో దాని పల్లవి ఇలా ఉండేది:

```
పెన్న ఒడ్డున పొద్దు పొడిచింది
పైరు తలలో మంచు మెరిసింది (2)
నాటు పాటకు చేను నవ్వింది
నెల్లూరి గాలి తోడు పలికింది
```

ఇక్కడ (2) అంటే రెండో లైను ఒక్కటే రెండుసార్లు పాడాలా? లేక రెండు లైన్లూ కలిపి రెండుసార్లా? ఈ పాటలో ఒక్కో లైను రెండు బార్లు. మొదటి అర్థంలో మూడో లైనుకు ముందు ఆరు బార్లు వస్తాయి, రెండో అర్థంలో ఎనిమిది. వేగం నిమిషానికి 96 బీట్లు, బారుకు నాలుగు బీట్లు కాబట్టి ఆ తేడా ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లూ గాయకుడు మళ్ళీ మొదటి లైనులో ఉంటే కోరస్ 'నాటు పాటకు' ఎత్తుకుంటుంది. ప్యాడ్ వాయించే పెద్దాయన వాయింపు ఆపేసి, "ఏంది అబ్బయ్యా, తిరిగినట్టా తిరగనట్టా?" అని నన్ను అడిగేవాడు. తప్పు ఎవరిదీ కాదు. కాగితం ఇద్దరికీ రెండు రకాలుగా అర్థమైంది, రెండూ సరైన అర్థాలే.

అదే పాట ఇప్పుడు ఇలా ఉంటుంది:

```
పెన్న ఒడ్డున    శ్రుతి: డి మేజర్   4/4   వేగం: 96

ఓపెనింగ్ – 8 బార్లు – ఫ్లూట్

పల్లవి
1  [: పెన్న ఒడ్డున పొద్దు పొడిచింది
2     పైరు తలలో మంచు మెరిసింది :] ×2   (2వ సారి కోరస్‌తో)
3  నాటు పాటకు చేను నవ్వింది
4  నెల్లూరి గాలి తోడు పలికింది

బిట్ 1 – 8 బార్లు – కీబోర్డు 4, ఫ్లూట్ 4

చరణం 1
1  కాలవ నీళ్ళు కబురు తెచ్చాయి
2  కొంగల బారులు గట్టు దాటాయి
3  మోకాటి బురదలో అడుగులు పడితే
4  మొలకల చేతులు పచ్చగా ఊగె
3  మోకాటి బురదలో అడుగులు పడితే
4  మొలకల చేతులు పచ్చగా ఊ...గె  (+2 బార్లు, కట్)

తిరిగి పల్లవి: 1–2, ఒక్కసారి → బిట్ 2
```

రిపీట్‌కి మొదలూ చివరా రెండూ కనిపించాలి, ఈ పద్ధతికి అదే ఆధారం. పాశ్చాత్య స్వరలిపిలో నిలువు గీతల పక్కన రెండేసి చుక్కలు పెట్టి ఇదే పని చేస్తారు. ఆ గుర్తు ఫోన్‌లో టైపు చేయడం కష్టం కాబట్టి మేం చదరపు బ్రాకెట్‌కి కోలన్ కలిపి రాస్తాం. ఎక్కడ తెరిచామో, ఎక్కడ మూశామో చూస్తే చాలు, ఎవరినీ అడగాల్సిన పని లేదు.

చరణంలో చివరి రెండు లైన్లూ రెండుసార్లు వస్తాయి, కానీ అక్కడ బ్రాకెట్ పెట్టలేదు. రెండోసారి 'ఊగె' అనే మాటను రెండు బార్లు సాగదీసి, అక్కడ అందరం కట్ చేస్తాం. రెండోసారి మాట మారినా, బాణీ మారినా, చివరలో ఏదైనా జరిగినా నేను పూర్తిగా రాసేస్తాను. ఏమీ మారకపోతేనే గుర్తు పెడతాను. మొదట్లో బ్రాకెట్ పెట్టి పక్కన '2వ సారి సాగదీత' అని రాసి చూశాం. పాడుతూ పాడుతూ కన్ను వెనక్కి పోయి, మళ్ళీ ముందుకొచ్చి ఆ చిన్న అక్షరాలు చదవాలి. కోరస్ వాళ్ళు ప్రతిసారీ మామూలుగానే ముగించేవాళ్ళు. పూర్తిగా రాశాక ఆ ఇబ్బంది పోయింది. రెండు లైన్లు పెరిగితే పెరిగాయి, కన్ను పైనుంచి కిందికి ఒకే దారిలో పోతుంది.

పల్లవికి తిరిగే చోట మాకు దక్కిన లాభం అన్నిటికన్నా పెద్దది. చరణం అయ్యాక పల్లవి మొత్తం పాడతారా, మొదటి రెండు లైన్లేనా, మొదటి లైను ఒక్కటేనా అన్నది పాటను బట్టి మారుతుంది. ఒకే పాటలో మొదటి చరణం తర్వాత ఒకలా, ఆఖర్న ఇంకోలా ఉంటుంది. అందుకే 'తిరిగి పల్లవి' అన్న మాట పక్కన మూడు సంగతులు తప్పకుండా రాస్తాను: ఏ లైన్లు, ఎన్నిసార్లు, ఆ తర్వాత ఎటు. ఆ బాణం గుర్తు కోసం ప్యాడ్ ఆయన, ఫ్లూట్ తమ్ముడు ముందే చూసుకుంటారు. వాళ్ళకి సాహిత్యం అక్కర్లేదు, తర్వాత ఏం వస్తుందో కావాలి.

సెక్షన్ల పేర్లు మేం రిహార్సల్లో నోటితో అనే మాటలే: ఓపెనింగ్, పల్లవి, బిట్, చరణం, ఎండింగ్. కాగితం మీద ఒక పేరు, నోట్లో ఇంకో పేరు ఉంటే లేబుల్ ఉండీ లాభం లేదు. లైన్ల నంబర్లు ప్రతి సెక్షన్‌లో మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. "చరణం ఒకటి, మూడో లైను నుంచి" అంటే అందరి వేలూ ఒకేచోట పడుతుంది. పైన చరణంలో 3, 4 రెండుసార్లు వచ్చాయి కదా, వాటికి 5, 6 అని వేయకపోవడం కావాలనే. బాణీ అదే, మాటలూ అవే కాబట్టి పేరూ అదే ఉండాలి. ఆ సాగదీత ఒక్కటే సాధన చేయాలంటే "రెండో నాలుగు" అంటాం.

లైను ఎక్కడ విరవాలి అన్నది చాలామంది పట్టించుకోరు. కవి రాసిన పాదాన్ని బట్టి కాక, తాళంలో ఎన్ని బార్లు పడుతుందో దాన్నిబట్టి విరుస్తాను. ఈ పాటలో ప్రతి లైనూ రెండు బార్లే కాబట్టి, లైన్లు లెక్కపెడితే బార్లు లెక్కపెట్టినట్టే. కాగితం వెడల్పు చాలక లైను దానంతట అదే కిందికి జారితే ఈ లెక్క చెడిపోతుంది. అప్పుడు అక్షరం సైజు తగ్గించనైనా తగ్గిస్తాను గానీ లైను మాత్రం విరగనివ్వను.

ఇక లైన్ల మధ్య ఎడం సంగతి. తెలుగు లిపికి ఇది ఇంగ్లీషుకన్నా ఎక్కువ కావాలి. 'ఒడ్డున', 'పొద్దు'లో వత్తులు కిందికి దిగుతాయి, కింది లైనులో గుడులు పైకి లేస్తాయి. ఒకటిన్నర కన్నా తక్కువ ఎడం పెడితే స్టేజి వెలుతురులో రెండూ కలిసిపోతాయి. నేను గూగుల్ డాక్స్‌లో Noto Sans Telugu ఫాంటు 16 సైజులో పెట్టి, లైన్ల మధ్య 1.5 పెడతాను. వర్డ్ వాడేవాళ్ళు లైన్ స్పేసింగ్‌లో Exactly ఎంచుకోకండి. అంకె చిన్నదైతే వత్తులు కింద కోసుకుపోతాయి. Multiple ఎంచుకుని 1.5 ఇస్తే అక్షరాన్ని బట్టి ఎత్తు దానంతట అదే సర్దుకుంటుంది.

సెక్షన్‌కి సెక్షన్‌కి మధ్య ఖాళీ లైను కొట్టడం మానేశాను. ఒక సెక్షన్‌లోని లైన్లన్నీ Shift+Enter కొడుతూ ఒకే పేరాగా ఉంచి, లేబుల్ తర్వాత, సెక్షన్ చివర మాత్రమే Enter కొట్టి, ఆ పేరా తర్వాత 18 పాయింట్ల ఖాళీ ఇస్తాను. ఆ పేరాకి Keep lines together పెడితే చరణం రెండు పేజీల మధ్య చీలదు. లేబుల్‌కి Keep with next పెడితే 'చరణం 2' అన్న మాట ఒక్కటే పేజీ అడుగున మిగిలిపోదు. పాట రెండు పేజీలైతే వెనకా ముందూ ప్రింటు తీయను, పక్కపక్కన పెట్టుకునేలా విడి కాగితాల మీద తీస్తాను. ఫ్లూట్ వాయించేవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా.

రంగులు వాడి చూశాం, వదిలేశాం. కోరస్ భాగాన్ని ఎర్రగా రాస్తే పగలు రిహార్సల్లో బాగా కనిపించింది. స్టేజి మీద ఎర్ర లైటు పడగానే తెల్ల కాగితం మీద ఎర్ర అక్షరాలు కనిపించకుండా పోయాయి. ఇప్పుడు అంతా నలుపే. కోరస్ లైన్లు బోల్డ్, వాయిద్యాల వివరాలు మామూలు అక్షరం.

సరిపోని చోట్లూ ఉన్నాయి. తిరునాళ్ళలో జనం ఊగిపోతుంటే గాయకుడు పల్లవిని ఎన్నిసార్లు తిప్పుతాడో ఎవరూ ముందే రాయలేరు. అలాంటి చోట అంకె వేయకుండా 'సైగ దాకా' అని రాసి, సైగ ఎవరిదో కూడా పక్కనే రాస్తాం. మాకు అది ప్యాడ్ ఆయన చెయ్యెత్తడం. అయినా కొత్తగా చేరినవాళ్ళు కాగితం వైపే చూస్తూ ఆ చెయ్యి చూడరు. దీనికి కాగితంలో మందు లేదు, ఆ భాగాన్ని కాగితం లేకుండా సాధన చేయించాల్సిందే. ఆలాపన ఉన్న పాటలకీ ఈ షీట్ పెద్దగా పనికిరాదు. 'ఆలాపన, ఫ్లూట్ సమాధానం, 4 బార్ల లీడ్ తర్వాత పల్లవి' అని దారి మాత్రమే చూపిస్తుంది.

పాత ప్రతుల బెడద కూడా ఉంది. ఎండింగ్ మార్చిన రోజు అందరి చేతిలో కొత్త కాగితం ఉందనుకుంటాం, ఒకరి ఫైల్లో పాతది ఉంటుంది. అందుకని పై మూలన తేదీ వేసి, పాట మొదలయ్యే ముందు ఆ తేదీ పైకి చదువుతాం. తేడా వస్తే వాయించకముందే తెలుస్తుంది.

ఫోన్లో చూసి పాడేవాళ్ళకి మాత్రం ఈ పద్ధతి ఇంకా కుదరలేదు. వాట్సాప్‌లో అక్షరాలుగా పంపితే స్క్రీన్ వెడల్పుకి లైన్లు విరిగిపోతాయి, బ్రాకెట్ ముగింపు కింద ఎక్కడో తేలుతుంది. పీడీఎఫ్ పంపితే విరగవు గానీ అక్షరాలు చిన్నవైపోతాయి, పెద్దవి చేస్తే లేబుల్ పక్కకి జారి కనిపించదు. ఫోన్ కోసం వెడల్పు తగ్గించి వేరే ప్రతి చేస్తే చదవడానికి బాగానే ఉంది, కానీ ఎండింగ్ మారినప్పుడల్లా రెండు ప్రతులూ సరిచేయాలి. ప్రస్తుతానికి మా కోరస్ ఇద్దరూ ఫోన్లు పక్కన పెట్టి కాగితాలే వాడుతున్నారు.