డ్రై లోడింగ్ మీద నా అభిప్రాయం: చాలా కాలం వాడాక

ఫ్లాష్ కాలమ్‌లో నాకు బాగా నచ్చిన పని ఏదంటే డ్రై లోడింగే, అంటే శాంపిల్‌ని సిలికాతో కలిపి ఎండబెట్టి, ఆ పొడిని బెడ్ మీద వేయడం. స్లర్రీ చేసి బెడ్ ప్యాక్ చేయడం కాలమ్ వేసే ప్రతి ఒక్కరికీ వచ్చు, దాని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. శాంపిల్‌ని బెడ్ మీదికి ఎలా ఎక్కిస్తాం అన్న దగ్గరే సగం కాలమ్‌లు పాడవుతాయి.

మేం తరచూ చేసేది సుజుకీ కప్లింగ్. 4-బ్రోమోఅసిటోఫినోన్, ఫినైల్ బోరానిక్ యాసిడ్ కలిస్తే వచ్చే 4-అసిటైల్‌బైఫినైల్‌నే తీసుకోండి. అది హెక్సేన్‌లో సరిగ్గా కరగదు. కాలమ్ మాత్రం 5 నుంచి 10 శాతం ఇథైల్ అసిటేట్ కలిపిన హెక్సేన్‌తో నడపాలి. క్రూడ్‌ని డీసీఎంలో కరిగించి నేరుగా పోస్తే, అంటే వెట్ లోడింగ్ చేస్తే, ఆ డీసీఎం మన ఎల్యుయెంట్ కన్నా బలమైనది కాబట్టి, కాంపౌండ్‌ని తనతో పాటే రెండు మూడు సెంటీమీటర్లు కిందికి లాక్కుపోతుంది. బ్యాండ్ మొదట్లోనే వెడల్పైపోతుంది. పైన హెక్సేన్ తగలగానే మిగతాది ఇసుక పొరలోనే గడ్డకట్టి, ఫ్లో కూడా తగ్గిపోతుంది.

అదే 2 గ్రాముల క్రూడ్‌ని డీసీఎంలో కరిగించి, 4 గ్రాముల సిలికా కలిపి, రోటాలో ఎండబెట్టి చూడండి. పొడి ఉప్మా రవ్వలా ఫ్లాస్క్‌లో జారుతూ ఉండాలి. గోడకి అంటుకుంటోందంటే డీసీఎం ఇంకా ఉన్నట్టే, ఇంకాసేపు తిప్పాలి. వాక్యూమ్ ఒక్కసారిగా పెడితే పొడి ఎగిరి రోటాలోకి పోతుంది. అందుకే బంప్ ట్రాప్ మెడలో కాస్త దూది పెట్టి, వాక్యూమ్ మెల్లగా పెంచుతాం. 4 సెంటీమీటర్ల వెడల్పు కాలమ్‌లో, 230–400 మెష్ సిలికా 80 గ్రాములతో వేసిన బెడ్ మీద ఈ పొడి అర సెంటీమీటరు పైచిలుకు పొరలా కూర్చుంటుంది. కాలమ్ నడుస్తుంటే పల్లేడియం గోధుమరంగు పైనే తిన్నటి గీతలా నిలిచిపోవడం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషమే.

ఇంతగా మెచ్చుకున్న ఈ పద్ధతే డీఎంటీ-థైమిడిన్ దగ్గర దెబ్బ కొట్టింది. థైమిడిన్ 5'-హైడ్రాక్సిల్ మీద డైమెథాక్సీట్రైటిల్ గ్రూప్ పెట్టిన కాంపౌండ్ అది. యాసిడ్‌కి అస్సలు తట్టుకోదు. ఎప్పటిలాగే సిలికాతో రోటాకి పెట్టాం. డీసీఎం తగ్గేకొద్దీ తెల్లగా ఉన్న పొడి లేత నారింజ రంగుకి తిరిగింది, చూస్తుండగానే చిక్కబడింది. డీఎంటీ ఊడి కాటయాన్‌గా మారితే వచ్చే రంగే అది. సిలికాకి ఉన్న కాస్త ఆమ్లగుణమే అందుకు చాలు. పైగా వెచ్చటి బాత్, సాల్వెంట్ లేకుండా కాంపౌండ్ నేరుగా సిలికాని అంటుకుని ఉండటం కూడా తోడయ్యాయి. టీఎల్‌సీలో పైన డీఎంటీ ఆల్కహాల్, కింద బేస్‌లైన్ దగ్గర థైమిడిన్. చేతికి రావాల్సిన ప్రొడక్ట్‌లో మంచి భాగం అక్కడే పోయింది. చాలా బాధేసింది.

ఆ తర్వాత అలాంటి కాంపౌండ్లకి డీసీఎంలో 1 శాతం ట్రైఇథైల్‌అమీన్ కలిపి, దానితోనే స్లర్రీ చేస్తున్నాం. క్రూడ్‌ని కూడా అదే మిశ్రమంలో కరిగించి నేరుగా పోస్తాం. ఇక్కడ ఎల్యుయెంటే డీసీఎం కదా, అందుకే పైన చెప్పిన వెట్ లోడింగ్ సమస్య ఇక్కడ రాదు. మెథనాల్‌ని మెల్లగా 3–5 శాతం దాకా పెంచితే ప్రొడక్ట్ దిగుతుంది. టీఎల్‌సీ ప్లేట్‌ని కూడా ముందే ట్రైఇథైల్‌అమీన్ ఉన్న సాల్వెంట్‌లో ఒకసారి నడిపి ఆరబెట్టాలి. లేకపోతే కాంపౌండ్ ప్లేట్ మీదే విరిగి, శుభ్రమైన ఫ్రాక్షన్ కూడా పాడైనట్టు కనిపిస్తుంది.

కొత్త కాంపౌండ్ సిలికా మీద నిలుస్తుందా అన్న అనుమానం ఉంటే టూ-డీ టీఎల్‌సీ చూడటం మంచిది. చదరపు ప్లేట్ మూలలో స్పాట్ పెట్టి ఒకసారి నడిపి, ఆరబెట్టి, ప్లేట్‌ని పక్కకి తిప్పి మళ్లీ నడపాలి. స్పాట్లన్నీ మూల నుంచి మూలకి ఒకే గీత మీద ఉంటే భయం లేదు. గీత పక్కన కొత్త స్పాట్ వచ్చిందంటే కాంపౌండ్ విరుగుతోందని అర్థం.

ఫ్రాక్షన్ల దగ్గర డ్రై లోడింగ్ లాభం స్పష్టంగా తెలుస్తుంది. ఆర్ఎఫ్ 0.25 ఉన్న స్పాట్ సుమారు నాలుగు కాలమ్ వాల్యూముల దగ్గర దిగుతుంది. పైన చెప్పిన బెడ్‌కి అది దాదాపు అర లీటరు. కాబట్టి ఎక్కడి నుంచి ట్యూబులు జాగ్రత్తగా స్పాట్ చేయాలో ముందే తెలుస్తుంది. బ్రోమో కీటోన్ మన ప్రొడక్ట్ కన్నా కాస్త ముందు దిగుతుంది. బ్యాండ్ సన్నగా ఉంటే రెండూ కలిసిన ట్యూబులు తక్కువే ఉంటాయి. వాటిని విడిగా ఉంచుతాం, మంచి వాటిలో కలపం.

మావి గాజు కాలమ్‌లు, ఒకటి నుంచి అయిదు గ్రాముల క్రూడ్, ఎక్కువగా ఘనపదార్థాలు. ఈ పరిస్థితుల్లో నాకు డ్రై లోడింగే మేలు. ఎల్యుయెంట్‌లోనే కరిగిపోయే నూనెలాంటి క్రూడ్ అయితే దీనికోసం రోటా ముందు అంతసేపు కూర్చోను. డీఎంటీ, ట్రైటిల్, ఎసిటాల్ లాంటివి ఉన్నప్పుడు మాత్రం టూ-డీ ప్లేట్ చూశాకే సిలికా డబ్బా తీస్తాను. అందులో తేడా కనిపించినా డ్రై లోడింగ్ తప్పనిసరైతే సిలికా బదులు సీలైట్ వాడుతున్నాం, బాత్ 30 డిగ్రీలు దాటనివ్వడం లేదు.