బల్క్ ఎస్‌ఎంఎస్ డెలివరీ రిపోర్టు: రెండేళ్లు వాడాక

మాది ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత, మందులు అమ్మే షాపు. మేత రేటు మారినా, బాకీ గుర్తు చేయాలన్నా రైతులకు బల్క్ ఎస్‌ఎంఎస్ పంపుతాం. 2023లో మొదలుపెట్టినప్పుడు 1,860 నంబర్లుండేవి. అన్నీ పాత ఖాతా పుస్తకాల్లోంచి మా గుమస్తా ఎక్కించినవే. మెసేజ్ చేరినా చేరకపోయినా వాటిని పంపిపెట్టే కంపెనీకి డబ్బు కట్టాల్సిందే. పైగా తెలుగులో 70 అక్షరాలు దాటితే ఇంకో మెసేజ్ లెక్క, అందులో గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. అందుకే, ఏ నంబరుకు మెసేజ్ చేరిందో చెప్పే డెలివరీ రిపోర్టు చూసి పనికిరాని నంబర్లు తీసేద్దామని కూర్చున్నాం.

మొదటిసారే బోల్తా పడ్డాం. ఆ ఏడాది డిసెంబరులో మిచాంగ్ తుపాను రోజుల్లో ఒక మెసేజ్ పంపాం. రిపోర్టులో నాలుగు వందలకు పైగా నంబర్ల పక్కన EXPIRED అని వచ్చింది. గుమస్తా అన్నీ తీసేశాడు. వారం తిరక్కముందే విడవలూరు రైతులు వచ్చి, ‘రేటు మారిన సంగతి మాకెందుకు చెప్పలేదు?’ అని నిలదీశారు. కరెంటు లేక వాళ్ల ఫోన్లు ఆగిపోయాయి, అంతే. EXPIRED అంటే గడువులోపు ఫోను దొరకలేదని మాత్రమే. నంబరు పోయిందని కాదు.

నంబరే లేదని చెప్పేది వేరే ఉంది. మా ప్యానెల్‌లో UNDELIV పక్కన ఎర్రర్ కోడ్ 001 వస్తే ఆ నంబరు నెట్‌వర్క్‌లో లేదని అర్థం. 027 వస్తే ఫోను ఆఫ్‌లో ఉందనో సిగ్నల్ లేదనో అర్థం. ఈ కోడ్లు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు, మీ కంపెనీ దగ్గర పట్టిక అడిగి తీసుకోండి. 001 వచ్చినా ఒక్కసారికే తీసెయ్యను. నంబరును వేరే నెట్‌వర్క్‌కు మార్చుకుంటున్న రోజుల్లో కూడా మెసేజ్ తప్పిపోవచ్చు. కనీసం పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు అదే కోడ్ వస్తేనే తీస్తాను. రిపోర్టులో A కాలమ్‌లో నంబరు, C లో UNDELIV లాంటి మాట, D లో కోడ్ ఉంటాయి. అక్కడ నంబరు ముందు 91 ఉంటుంది, మా జాబితాలో ఉండదు. అందుకని మొదటి ఫార్ములాను B కాలమ్‌లో పెట్టి 91 కత్తిరిస్తాను. రెండోది జాబితాలోని నంబరు F కాలమ్‌లో ఉంటే, దానికి ఆ కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేస్తుంది:

```
=RIGHT(A2,10)
=COUNTIFS(B:B,F2,C:C,"UNDELIV",D:D,"001")
```

లెక్కకు ముందు చూడాల్సింది ఇంకొకటుంది. ఒకే నిమిషంలో వందల నంబర్లకు ఒకే కారణం చూపిస్తే తప్పు నంబర్లది కాదు, మెసేజ్‌ది. బల్క్ మెసేజ్‌ల నమూనాలను ముందే నమోదు చేయించాల్సిన డీఎల్‌టీ అనే వ్యవస్థ ఉంది. ఒకసారి అందులో ఆమోదం పొందిన టెంప్లేట్‌లో ‘బస్తా’ అన్న చోట ‘బ్యాగు’ అని టైపు చేశాం. ఆ బ్యాచ్ మొత్తం తిరస్కరించారు. అలాంటి బ్యాచ్‌ను అసలు లెక్కలోకే తీసుకోకూడదు.

ఇక నాకు అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసింది చెబుతాను. అల్లూరు రైతు ఒకాయన నంబరుకు ఐదు నెలలు వరసగా మెసేజ్ చేరలేదు. పని ఒత్తిడిలో దాన్ని తీయడం మరిచాను. ఆరో నెలలో చేరినట్టు DELIVRD వచ్చింది. సంతోషించి బాకీ మెసేజ్ కూడా పంపాను. సాయంత్రం ఎవరో కుర్రాడు ఫోన్ చేసి, ‘నాకు చెరువూ లేదు, రొయ్యా లేదన్నా, లక్షా పదివేలు ఎవరికి కట్టాలి?’ అన్నాడు. మన దేశంలో ఆపేసిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు, ఆ తరవాత కొత్తవాళ్లకు ఇవ్వొచ్చు. రైతు వదిలేసిన నంబరు ఆ కుర్రాడికి వచ్చింది. రిపోర్టు దృష్టిలో అది చక్కగా పనిచేస్తున్న నంబరే. ఒకరి బాకీ సంగతి ఇంకొకరికి చెప్పినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి మూడు నెలలకు మించి మూగబోయి మళ్లీ పలికిన నంబరుకు, ఫోన్ చేసి పేరు అడిగాకే మెసేజ్ పంపుతున్నాం.

రిపోర్టు నిజమో కాదో తేల్చడానికి మా దగ్గరో చిట్కా ఉంది. పాత సిమ్ ఒకటి చిన్న ఫోనులో వేసి, ఆ నంబరును జాబితాలో కలిపి, ఫోను ఆఫ్ చేసి గల్లాపెట్టెలో పెడతాం. మేం మొదట వాడిన చవక సర్వీసులో ఆ నంబరుకూ రెండు సెకన్లలో DELIVRD వచ్చింది. ఆ నెలే వాళ్లను మార్చేశాం. మొన్నామధ్య ఆ సిమ్‌కు రీచార్జి మరిచిపోతే అదే ఆగిపోయేలా ఉందని గుమస్తా నవ్వాడు.

ఇప్పుడు జాబితాలో 1,310 మిగిలాయి. డెలివరీ రిపోర్టుకు ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎందుకు తగ్గించానంటే, కౌలు వదిలేసి వెళ్లిన రైతు నంబరు బ్రహ్మాండంగా పనిచేస్తూనే ఉంటుంది, ప్రతిసారీ DELIVRD వస్తుంది, ఆయన మాత్రం మేత కొనడు. వాళ్లను ఇప్పటికీ ఖాతా పుస్తకం చూసే ఏరుతున్నాం.