కాంపాక్ట్ కెమెరాలో లెన్స్ ఎర్రర్: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

అయిదు రెట్ల జూమ్ ఉన్న కాంపాక్ట్ డిజిటల్ కెమెరాను నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. పగటి వెలుతురులో అది తీసే ఫొటోల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. దీని బలహీనత అంతా ముందుకు పొడుచుకువచ్చే లెన్స్ గొట్టంలోనే ఉంది, అందుకే ఈ సమీక్షను దానికే కేటాయిస్తున్నాను.

కెమెరా ఆన్ చేయగానే, ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్న గొట్టాలను ఒక చిన్న మోటారు ప్లాస్టిక్ గేర్ల సాయంతో బయటికి నెడుతుంది. అవి నిర్ణీత సమయంలో చేరవలసిన చోటికి చేరినట్లు లోపలి సెన్సర్ గుర్తించకపోతే, తెర మీద Lens Error అని కనిపించి కెమెరా ఆగిపోతుంది. బ్యాటరీ నీరసించినా, ఇసుక రేణువు అడ్డుపడినా, గేరు పన్ను విరిగినా వచ్చే సందేశం ఒక్కటే. అందువల్ల కారణం తెలియాలంటే తెరను కాదు, మోటారు చప్పుడును నమ్ముకోవాలి.

లంబసింగిలో ఒక చలికాలపు తెల్లవారుజామున లెన్స్ సగం దాకా వచ్చి నిలిచిపోయింది. మోటారు మెల్లగా మూలిగి ఆగిందే తప్ప, ఎక్కడా ఒరుసుకున్న శబ్దం లేదు. బ్యాటరీ గుర్తు మాత్రం ఇంకా సగం ఛార్జి ఉన్నట్లే చూపించింది. పాతబడిన లిథియం బ్యాటరీకి, అందులోనూ చలిలో, అంతర్గత నిరోధం పెరుగుతుంది. తెర వెలగడానికి సరిపోయిన వోల్టేజీ, మోటారు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి పడిపోతుంది. బ్యాటరీని తీసి కాసేపు చొక్కా లోపలి జేబులో వెచ్చగా ఉంచి తిరిగి వేస్తే లెన్స్ మామూలుగా తెరుచుకుంది. అప్పటినుంచి ఎర్రర్ వస్తే నేను మొదట చేసేది నిండా ఛార్జి చేసిన బ్యాటరీ వేసి చూడటమే. దాని లోహపు కొసలను పొడి బట్టతో తుడవడం కూడా మంచిది.

బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో జరిగింది వేరు. గాలికి ఎగిరిన ఇసుక గొట్టాల మధ్య సందులోకి చేరింది. ఆన్ చేస్తే కరకరమని చప్పుడు వచ్చి, లెన్స్ కొద్దిగా ముందుకు జరిగి, వెనక్కు తగ్గి ఆగిపోయేది. కొత్తగా ఛార్జి చేసిన బ్యాటరీ వేసినా అదే తీరు. అప్పుడు బ్యాటరీ తీసేసి, లెన్స్ నేల వైపు ఉండేలా కెమెరాను పట్టుకుని, రబ్బరు బ్లోయరుతో గొట్టం చుట్టూ సందు వెంబడి ఏటవాలుగా గాలి కొట్టాను. ఆ తర్వాత పలుచని రాతకాగితపు అంచును ఆ సందులో కొద్దిలోతుగా పెట్టి, చుట్టూ నెమ్మదిగా తిప్పాను. కింద పరిచిన తెల్ల గుడ్డ మీద మెరిసే రేణువులు రెండు మూడు రాలాయి. లెన్స్‌ను కిందికే ఉంచి మళ్లీ ఆన్ చేస్తే కరకర తగ్గింది. ఇలా మరికొన్నిసార్లు చేశాక గొట్టం పూర్తిగా బయటికి వచ్చింది.

ఇక్కడే ఒక ముఖ్యమైన మెలకువ ఉంది. లెన్స్ పూర్తిగా చాచుకున్నప్పుడు కెమెరాను ఆఫ్ చేస్తే, మిగిలిన ఇసుకతో సహా అది లోపలికి వెళ్లిపోతుంది. దానికి బదులు జూమ్‌ను చివరిదాకా పెట్టి, ఆఫ్ చేయకుండానే బ్యాటరీ తలుపు తెరిచి బ్యాటరీని లాగేస్తే, గొట్టం బయటే ఉండిపోతుంది. అప్పుడు దాని చుట్టూ మెత్తని పొడి బ్రష్‌తో తీరుబడిగా శుభ్రం చేయవచ్చు. ఈ పని కార్డులో ఏమీ రాయని సమయంలోనే చేయాలి.

గొట్టాన్ని చేత్తో బలంగా లాగినా నొక్కినా గాడిలో నడిచే మేకులు పట్టు తప్పుతాయి, లేదా గేరు పళ్లు ఊడతాయి. నూనె చుక్క వేస్తే ఇసుక దానికి అంటుకుని ముద్దగా మారుతుంది, పైగా నూనె లెన్స్ గాజు మీదికి పాకుతుంది. డబ్బాలో వచ్చే పీడన గాలి ఇసుకను మరింత లోపలికి తోసే ప్రమాదం ఉంది. మోటారు స్వేచ్ఛగా తిరుగుతూ టిక్కు టిక్కుమంటున్నా గొట్టం కదలకపోతే అది గేరు సమస్య, శుభ్రం చేసి ప్రయోజనం లేదు. అలాగని ఇంట్లో విప్పకండి. బ్యాటరీ తీసేసినా ఫ్లాష్ కెపాసిటరులో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. మరమ్మతులో సాధారణంగా లెన్స్ యూనిట్ మొత్తాన్నీ మారుస్తారు కాబట్టి, ముందుగా ఖర్చు అడిగి, అదే డబ్బుకు వాడిన కెమెరా దొరుకుతుందేమో చూసుకోవడం తెలివైన పని.

లోపలికి వెళ్లిన సన్నని దుమ్ము మాత్రం నా కెమెరాలో ఇప్పటికీ ఉంది. పూర్తి జూమ్‌లో ఆకాశాన్ని తీస్తే ఒక మూల బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది; బయటినుంచి తుడిస్తే పోయేది కాదు అది. నగరంలో, ఇళ్లలో, వేడుకల్లో వాడుకునేవారికి ఈ తరహా కెమెరాను ఇప్పటికీ సిఫారసు చేస్తాను. తీరప్రాంతంలో ఉండేవారు, తరచుగా సముద్రానికి వెళ్లేవారు మాత్రం లెన్స్ బయటికి రాకుండా లోపలే జూమ్ అయ్యే వాటర్‌ప్రూఫ్ రకాన్ని తీసుకోవడం మేలు.